నాయనమ్మ ఊరెళ్తే కుక్కకెందుకు కంగారు?

విజయవాడలో ఒక అపార్ట్‌మెంటు. ఆరేళ్ల లాబ్రడార్. ఇంటి పెద్దావిడ కూతురి పురిటికని ఆరు నెలలకు అమెరికా వెళ్లింది. మనవడు అప్పటికే ఇంటర్ హాస్టల్లో చేరాడు. కొడుకూ కోడలూ పొద్దున తొమ్మిదిన్నరకు తాళం వేసి వెళ్తే సాయంత్రం ఆరుకు వస్తారు. వారం తిరక్కుండానే పక్క ఫ్లాట్ వాళ్లు వచ్చి, మధ్యాహ్నం దాకా కుక్క ఊళ వేస్తూనే ఉందని చెప్పారు. వీధి తలుపు అడుగున చెక్క పెచ్చులు లేచింది. ఆరేళ్లలో ఎన్నడూ ఇంట్లో మూత్రం పోయని కుక్క గుమ్మం దగ్గరే పోస్తోంది. ఇది ఏదో ఒక్క ఇంటి కథ కాదు, చాలా ఇళ్లలో జరిగేదాన్ని ఒకచోట చేర్చి చెబుతున్నాను.

ఇన్నేళ్లూ బుద్ధిగా ఉన్న కుక్క ఇప్పుడెందుకు ఇలా మారిందని ఆ ఇంటివాళ్లకు అర్థం కాదు. నిజానికి ఆ ఆరేళ్లలో అది ఒంటరిగా ఉన్నదే తక్కువ. ఒకరు బయటికెళ్తే ఇంకొకరు ఉండేవారు. తలుపు మూసుకున్నా వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినపడేది. ఒంటరిగా ఉండటం కుక్కకు పుట్టుకతో వచ్చే విద్య కాదు. నేర్చుకోవాలి, వాడుకలో ఉంచుకోవాలి. చిన్నప్పుడు నేర్చుకున్న కుక్క కూడా ఏళ్ల తరబడి ఎవరో ఒకరి తోడుంటే ఆ అలవాటు పోగొట్టుకోవచ్చు. 2020 లాక్‌డౌన్ తర్వాత ఇంటి నుంచి పనిచేసినవాళ్లు తిరిగి ఆఫీసులకు వెళ్లడం మొదలుపెట్టినప్పుడూ ఇదే ఇబ్బంది కనిపించింది. దీనికి తోడు, ఎప్పుడు ఏం జరుగుతుందో తెలియడం వల్లే కుక్కకు నిబ్బరం. పొద్దున నడక, పదింటికి పెద్దావిడ పెట్టే అన్నం, మధ్యాహ్నం టీవీ ముందు కునుకు, ఇవన్నీ ఒక్కసారే పోతే దేన్ని నమ్ముకోవాలో దానికి తెలియదు.

ఈ స్థితిని పశువైద్యులు సెపరేషన్ యాంగ్జైటీ అంటారు. ఇది భయం, పంతం కాదు. మనం ఇంటికి రాగానే చెవులు వెనక్కి వాల్చి, చూపు తిప్పుకుంటే తప్పు చేసినట్టు దానికి తెలుసనుకుంటాం. న్యూయార్క్‌లో కుక్కల మీద పరిశోధన చేసే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో ఈ సంగతే పరీక్షించారు. కుక్క తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ ముఖానికి సంబంధం కనపడలేదు, యజమాని తిట్టినప్పుడే అది ఎక్కువగా కనపడింది. కాబట్టి సాయంత్రం వచ్చి కొడితే, ఒంటరిగా ఉండే భయానికి మీరు తిరిగొస్తారన్న భయం కూడా తోడవుతుంది.

అసలు జబ్బు ఇదేనా అన్నది ముందు తేల్చుకోవాలి. పాత ఫోను ఒకటి తలుపు కనపడేలా పెట్టి, వీడియో ఆన్ చేసి బయటికెళ్లండి. భయపడే కుక్క సాధారణంగా మొదటి అరగంటలోపే బయటపడుతుంది. గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరగడం, ఎండ లేకపోయినా రొప్పడం, చొంగ కార్చడం, ఊళ వేయడం, తలుపు గీకడం, ఇష్టమైన తిండి కూడా ముట్టకపోవడం కనిపిస్తాయి. విసుగుతో అల్లరి చేసే కుక్క చాలాసేపు నిద్రపోయి, లేచి, తీరిగ్గా చెప్పులు కొరుకుతుంది. మూత్రం ఒక్కటే సమస్యయితే మూత్రాశయంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూపించాలి. పదేళ్లు దాటిన కుక్కయితే కీళ్లనొప్పులు, మతిమరుపు కూడా కారణం కావచ్చు.

వీడియో కంటే ముఖ్యమైన పరీక్ష ఇంకొకటుంది. పై ఫ్లోర్‌లోని రిటైరైన అంకుల్‌ని ఓ గంట ఇంట్లో కూర్చోబెట్టి మీరు వెళ్లండి. కుక్క స్థిమితంగా ఉంటే దానికి కావాల్సింది ఎవరో ఒకరి తోడు, ప్రత్యేకంగా నాయనమ్మే అక్కర్లేదు. చాలా కుక్కల సంగతి ఇంతే. మనిషి ఉన్నా అది తలుపు దగ్గరే ఏడుస్తుంటే ఒక్కరి మీదే బెంగ పెట్టుకున్నట్టు. అప్పుడు తిండి, నడక, ఆట ఇంట్లో ఉన్నవాళ్లు పంచుకుని కొత్త చేతులకు అలవాటు చేయాలి. రెండో కుక్కను తెస్తే తీరుతుందనుకోవద్దు. కావాల్సింది మనిషి తోడైనప్పుడు ఇంకో కుక్క సాధారణంగా ఆ లోటు తీర్చదు.

ఇక వైద్యం. మన లాబ్రడార్ వీడియోలో తాళం చప్పుడైన 40 సెకన్లకు రొప్పడం మొదలుపెట్టిందనుకుందాం. అంటే 40 సెకన్ల లోపు దానికి భయం లేదు. అక్కడినుంచే మొదలు. 20 సెకన్లు బయట నిలబడి, లోపలికొచ్చి, హడావుడి లేకుండా కూర్చోండి. అది మళ్లీ పడుకున్నాక 10 సెకన్లు, తర్వాత 25, మళ్లీ 5, ఆపైన 30. ప్రతిసారీ పెంచుకుంటూ పోతే, వెళ్లిన ప్రతిసారీ ఇంకా ఎక్కువసేపని కుక్క కనిపెట్టేస్తుంది. అందుకే కలగాపులగంగా చేయాలి. రోజుకొకసారి, ఇరవై ముప్పై నిమిషాలు, వారంలో ఒకటి రెండు రోజులు సెలవిస్తే చాలు. ఫోన్లో చూస్తున్నప్పుడు పక్కకు ఒరిగి పడుకుని, నెమ్మదిగా ఊపిరి తీస్తుంటే పెంచవచ్చు. లేచి తలుపు వైపే చూస్తుంటే అది ఏడవకముందే వచ్చేయాలి, మర్నాడు వ్యవధి తగ్గించాలి.

తాళంచెవుల గలగల, బూట్లు, లంచ్ బాక్స్ బ్యాగు కనపడగానే వణికే కుక్కలున్నాయి. వాటికి ఇంకా ముందునుంచి మొదలుపెట్టాలి. తాళంచెవులు తీసి సోఫాలో కూర్చోండి. బూట్లు వేసుకుని కూరగాయలు తరగండి. వాటికీ మీ వెళ్లడానికీ ముడి తెగేదాకా ఇది సాగాలి.

సెకన్ల నుంచి అరగంటకు చేరడమే కష్టం. ఆ తర్వాత పెంపు తరచూ వేగం అందుకుంటుంది. మొత్తం మీద వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మధ్యలో దీపావళి టపాసులో, పిడుగుల వానో వచ్చి వెనక్కి లాగవచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇంకోచోట. సాయంత్రం 30 సెకన్లు నేర్పి, మర్నాడు ఎనిమిది గంటలు వదిలేసి వెళ్తారు. నేర్పిందంతా ఆ పూటతో కొట్టుకుపోతుంది. నేర్పుతున్నన్నాళ్లూ దాన్ని ఒంటరిగా వదలకూడదు. భార్యాభర్తలు వంతులవారీగా ఇంటి నుంచి పనిచేయడం, అంకుల్ ఇంట్లో వదలడం, పనమ్మాయికి కొంత డబ్బిచ్చి పగలు కూర్చోమనడం, ఊళ్లో డే కేర్ ఉంటే అది. ఖర్చుతో కూడిన పనే, కానీ దీన్ని తప్పిస్తే మిగతాదేదీ పట్టుకోదు. బోనులో పెట్టి తాళం వేయడం మాత్రం వద్దు. భయంతో ఇనుప కడ్డీలు కొరికి పళ్లు విరగ్గొట్టుకునే కుక్కలున్నాయి.

కొన్ని కుక్కలకు పది సెకన్లే గండం. అలాంటప్పుడు మందుల విషయం డాక్టరుని అడగడానికి వెనకాడొద్దు. ఫ్లూఆక్సెటీన్, క్లోమిప్రమీన్ అనే మందులు ఇందుకు వాడతారు. మత్తులో పడేయడం వాటి పని కాదు. భయం తగ్గి, నేర్పేది తలకెక్కేలా చేస్తాయి. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. మొదట్లో తిండి తగ్గవచ్చు, మగతగా ఉండవచ్చు. ఇంట్లో ఎవరో వాడే ఇవే బిళ్లలు సొంతంగా ఇవ్వకూడదు, మొదలుపెట్టాక ఉన్నట్టుండి ఆపకూడదు. గోమార్ల కోసం మన దగ్గర స్నానంలో కలిపి వాడే అమిట్రాజ్ మందుకు ఈ రెంటితోనూ పడదు. కుక్కకు చివరిగా ఎప్పుడు, ఏ మందుతో స్నానం చేయించారో, మెడకు గోమార్ల పట్టీ ఏదైనా ఉందేమో, చీటీ రాయకముందే డాక్టరుకు చెప్పండి.