ఘాటు నోట్‌ను తిరగరాయడం ఎలా?

జూనియర్ పని బాగోలేదని రాసే నోట్ చాలాసార్లు పొరపాటును వదిలేసి మనిషి మీద పడుతుంది. ఫీడ్‌బ్యాక్‌పై జరిగిన అధ్యయనాలను కలిపి 1996లో అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి పరిశీలించారు. మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ వల్ల పని మెరుగుపడకపోగా దిగజారింది. దృష్టి పని మీంచి ‘నేనెలాంటివాణ్ణి’ అన్న దాని మీదికి మళ్లేకొద్దీ ఫీడ్‌బ్యాక్ వల్ల ప్రయోజనం తగ్గుతుందని వారు వివరించారు.

ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో సీనియర్ ఇలా రాశారనుకుందాం: “పని మీద శ్రద్ధ లేదు. ఎప్పుడూ ఆలస్యమే. ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు.” ఇందులో సరిచూసుకోదగ్గ విషయం ఒక్కటీ లేదు. శ్రద్ధ ఉందో లేదో ఎవరూ తేల్చలేరు. ‘ఎప్పుడూ’ అన్న మాటకైతే, వేళకు పూర్తయిన ఒక్క రిటర్ను చూపించినా చాలు, నోట్ మొత్తం వీగిపోతుంది.

తిరగరాసేటప్పుడు ముందు స్వభావం గురించిన మాటలు కొట్టేయాలి. మిగిలిన చోట తేదీలు రావాలి. నెలనెలా దాఖలు చేసే వ్యాపారికి జీఎస్‌టీఆర్-1 గడువు మరుసటి నెల 11. అది దాటితే ఆ బిల్లులు కొనుగోలుదారు జీఎస్‌టీఆర్-2బీలో ఆ నెలకు కనిపించవు, వారి ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కిపోతుంది. ఈ నష్టం జూనియర్‌కు తెలియకపోవచ్చు. అతనికి ఆలస్యమంటే రెండు రోజులే, అవతలివాళ్లకు నెల. అందుకే నోట్‌లో అసలు బరువు ఈ వాక్యానిదే:

“జూన్ రిటర్ను జులై 13న, జులై రిటర్ను ఆగస్టు 14న దాఖలయ్యాయి. రెండుసార్లూ మన క్లయింట్ దగ్గర సరుకు కొన్నవాళ్లకు క్రెడిట్ ఒక నెల ఆలస్యమైంది. ఇది మళ్లీ జరగకూడదు. బిల్లులు ఆలస్యంగా వస్తున్నాయా, ఇంకేదైనా ఇబ్బందా చెప్పండి. ఇకనుంచి 5వ తేదీకల్లా బిల్లులు రాని క్లయింట్ల జాబితా నాకు ఇవ్వండి, 9వ తేదీకి రిటర్ను డ్రాఫ్ట్ చూపించండి.”

ఎదురుగా ‘నువ్వు’ అని పిలిచే చనువున్నా, ఫైల్లో ఉండిపోయే కాగితంలో ‘మీరు’ అనడమే మేలు. కారణం అడగడం కూడా మర్యాద కోసం కాదు. బిల్లులు క్లయింటే 10న పంపుతుంటే తప్పు ఇంకోచోట ఉంది, జూనియర్‌ను ఎంత మందలించినా రిటర్ను ముందుకు జరగదు.

మరీ మెత్తబడటమూ చిక్కే. రెండు పొగడ్తల మధ్య “తేదీలు కాస్త చూసుకుంటే బాగుంటుంది” అని రాస్తే, చదివినవారికి పొగడ్తలే గుర్తుంటాయి. “ఇది మళ్లీ జరగకూడదు” అన్న వాక్యం అవమానించదు, తీసేయాల్సిన అవసరం లేదు. రాసింది సరిపోయిందో లేదో తెలియాలంటే ఆ సంగతి తెలియని మరొకరికి చూపించాలి. ఏం జరిగింది, ఎప్పటికి ఏం చేయాలి అన్నవి వారు చెప్పగలిగితే నోట్ పంపవచ్చు. దొంగ బిల్లు సృష్టించడం లాంటి వ్యవహారాలకు మాత్రం ఈ పద్ధతి వర్తించదు. అవి విచారణ జరగాల్సిన విషయాలు.