బరువు దించిన ఎనిమిది నిమిషాలకు

నిండు బిందె నెత్తిన పెట్టుకుని నాలుగు వీధులు నడిచొచ్చి దించామంటే ఒళ్లు గాల్లో తేలినట్టుంటుంది. అది భ్రమే. ఆ క్షణాన ఎగిరి చూడండి, ఒక్క అంగుళం కూడా ఎక్కువ అందదు. అయితే పెద్ద బరువుతో రెండు మూడు స్క్వాట్లు చేసి, తగినంతసేపు ఆగి ఎగిరితే కొందరు నిజంగానే మామూలు కన్నా కాస్త ఎత్తుకు పోతారు. కిటుకంతా ఆ ఆగడంలోనే ఉంది.

70 కిలోల బరువున్న లాంగ్ జంప్ కుర్రాడొకడు ఉన్నాడనుకుందాం. భుజాల మీద 140 కిలోల బార్‌బెల్‌తో ఒక్కసారి కూర్చుని లేవగలడు. అంటే బాగా బలమున్నవాడే. వేళ్లకు సుద్దపొడి రాసుకుని గోడ పక్కన నిలబడి ఎగిరితే, నిలబడి అందుకున్న గుర్తుకు 50 సెంటీమీటర్ల పైన మరో గుర్తు పడుతుంది. ఇప్పుడు 120 కిలోలతో మూడు స్క్వాట్లు చేయించండి. అర నిమిషానికి ఎగిరితే సుద్ద గుర్తు 48 దగ్గరే పడవచ్చు. నాలుగు నిమిషాలకు మళ్లీ 50. ఎనిమిదో నిమిషానికి 51, ఇంకాస్త పైన. ఇరవై నిమిషాలకు మళ్లీ మొదటికే. ఇవి ఉదాహరణకు వేసుకున్న లెక్కలే అయినా, పరిశోధనల్లో సాధారణంగా కనిపించే వరస ఇదే. లాభం వచ్చినా రెండు మూడు శాతం మించడం అరుదు.

బరువెత్తడం కండరంలో ఒకేసారి రెండు పనులు చేస్తుంది: అలసట తెస్తుంది, చురుకూ పుట్టిస్తుంది. మొదట్లో అలసటదే పైచేయి. అది త్వరగా దిగిపోయి, చురుకు ఇంకా మిగిలి ఉంటే ఆ మిగులే మన సెంటీమీటరు.

ఆ చురుకు ఎక్కడిది? కండరపు పోగులో మయోసిన్ అనే ప్రోటీన్ తలలు ఆక్టిన్ అనే సన్నని తీగను పట్టుకుని లాగుతుంటాయి. నరం నుంచి ఆజ్ఞ రాగానే పోగులో కాల్షియం విడుదలవుతుంది, లాగుడు మొదలవుతుంది. అదే కాల్షియం ఒక ఎంజైమును కూడా నిద్రలేపుతుంది. ఆ ఎంజైము మయోసిన్ మెడ దగ్గర ఒక ఫాస్ఫేటును అతికిస్తుంది. దాంతో ఒదిగి పడుకున్న తల కాస్త లేచి ఆక్టిన్‌కు దగ్గరగా జరుగుతుంది. ఆ తర్వాత అంతే కాల్షియానికి ఎక్కువ తలలు పట్టు దొరకబుచ్చుకుంటాయి. వేగంగా ముడుచుకునే పోగుల్లో ఈ పని ఎక్కువగా జరుగుతుంది. ఎగరడానికి కావలసినవీ అవే.

చాలాకాలం ఈ కథతోనే సరిపెట్టుకున్నారు. చిక్కల్లా గడియారంతోనే వచ్చింది. అతికించిన ఫాస్ఫేటు అర నిమిషానికి సగం ఊడిపోతుంది, అయిదు నిమిషాలకు దాదాపు ఏమీ మిగలదు. ఎగురుడు మెరుగయ్యేదేమో ఏడు, ఎనిమిది, పది నిమిషాలప్పుడు! అందుకే 2019లో బ్లజెవిచ్, బబో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ రెంటినీ ఒక గాటన కట్టొద్దని గట్టిగా వాదించారు. ఆలస్యంగా వచ్చే లాభానికి కారణాలు వేరే ఉండవచ్చు. కండరం వేడెక్కడం, రక్తం నుంచి పోగుల్లోకి నీరు చేరడం, నరాల నుంచి ఆజ్ఞ గట్టిగా రావడం వాళ్లు ఎత్తిచూపినవి. నాకైతే వేడి వాదనే ఎక్కువ నమ్మకంగా కనిపిస్తుంది. 1987లో సార్జెంట్ చేసిన సైకిల్ పరీక్షల్లో తొడ కండరం ఒక్క డిగ్రీ వేడెక్కితే నెమ్మదిగా తొక్కేటప్పుడు రెండు శాతం, బాగా వేగంగా తొక్కేటప్పుడు పది శాతం దాకా శక్తి పెరిగింది. ఎగరడం వేగం పనే కదా.

అసలు పొరపాటు కూడా ఇక్కడే జరుగుతుంది. రెండు నిమిషాలు జాగింగ్ చేయించి, ఒళ్లు సరిగా వేడెక్కకుండానే మొదటి జంప్ కొలుస్తారు. తర్వాత బరువెత్తించి మళ్లీ కొలిచి, 'చూశారా, పెరిగింది' అంటారు. అక్కడ బార్‌బెల్ చేసింది వార్మప్ పనే. బాగా వార్మప్ చేసినవాళ్లలో ఈ లాభం చాలా తగ్గిపోతుంది.

జిమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఇది దాదాపు పనికిరాదు. వాళ్లకు అలసట తీరేలోపే చురుకూ పోతుంది. ఒంటి బరువుకు రెట్టింపు దాకా ఎత్తగలవాళ్లకే లాభం ఎక్కువగానూ, త్వరగానూ దక్కుతుంది. స్క్వాట్ దించిన వెంటనే పెట్టె మీదికి ఎగిరించే కోచ్‌లు మాత్రం, నా లెక్కలో, పిల్లల్ని అలసటలోనే ఎగిరిస్తున్నారు. ఇక పోటీ రోజున పిలుపు కోసం అరగంట కూర్చోబెడితే ముందెత్తిన బరువు వృథాయే.

మీ సంగతి తేల్చుకోవాలంటే సుద్దముక్క చాలు. ఒక రోజు పూర్తి వార్మప్ చేసి, ఎనిమిది నిమిషాలు ఆగి ఎగరండి. ఇంకో రోజు అదే వార్మప్ తర్వాత, పక్కన ఒకరిని కాపు పెట్టుకుని బరువెత్తి, అంతేసేపు ఆగి ఎగరండి. రెండూ మూడేసి సార్లు చేయండి. బరువెత్తకుండా ఎగిరిన రోజుల మధ్యే ఒక సెంటీమీటరు తేడా వస్తుంటే, బరువు తెచ్చిన సెంటీమీటరును లెక్కలో వేసుకోకండి.