ఎవరి పని ఏదో చెప్పే లేఖ

రెండు సంస్థలు కలిసి పరిశోధన చేయాలనుకున్నప్పుడు, పూర్తి ఒప్పందానికి ముందు లెటర్ ఆఫ్ ఇంటెంట్ రాసుకుంటాయి. తొందరలో తయారయ్యే ఆ ఒక్క పేజీలో తరచూ మర్యాద మాటలు ఎక్కువ, పని వివరం తక్కువ.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక ఇంజనీరింగ్ కళాశాల నేలలో తేమను కొలిచే సెన్సర్ తయారుచేసింది. దాన్ని పరీక్షించడానికి ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రం ముందుకొచ్చింది. చిత్తుప్రతిలో ఇలా ఉంది: “ఇరు సంస్థలూ పరస్పర సహకారంతో క్షేత్ర పరీక్షలు నిర్వహించి, అవసరమైన వనరులు సమకూర్చుకుంటాయి.”

మట్టి నమూనాలు కేంద్రం సిబ్బంది తీస్తారని కళాశాల అనుకుంటుంది. విద్యార్థులే వచ్చి తీసుకుంటారని కేంద్రం అనుకుంటుంది. ఈ సంగతి విత్తనం వేశాక బయటపడితే ఆ ఖరీఫ్ పోయినట్టే. పైగా ఇది వదిలేయదగ్గ పని కాదు. నల్లరేగడి ఎండి నెర్రెలిస్తే సెన్సర్ చుట్టూ గాలి చేరి, ఉన్నదానికంటే తేమ తక్కువగా చూపిస్తుంది. అందుకే మట్టిని 105 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో 24 గంటలు ఆరబెట్టి, తగ్గిన బరువును బట్టి అసలు తేమ ఎంతో లెక్కగట్టి పోల్చిచూడాలి.

తిరగరాసేటప్పుడు ముందు ఆ సీజన్ పనులన్నీ వరుసగా రాసుకుని, ఒక్కోదాని పక్కన ఒక్క సంస్థ పేరే పెట్టాలి. అప్పుడు వాక్యం ఇలా మారుతుంది: “కళాశాల మే 31లోగా 20 సెన్సర్లు ఇస్తుంది, చెడిపోయినవాటిని 10 రోజుల్లో మారుస్తుంది. కేంద్రం ఒక ఎకరం నల్లరేగడి, ఒక ఎకరం ఎర్రనేల కేటాయిస్తుంది. వారానికోసారి నమూనాలు తీసి ఓవెన్ పరీక్ష చేస్తుంది. నిధులు మంజూరైతే కళాశాల ఒక రీసెర్చ్ ఫెలోను నియమిస్తుంది.”

చివరి వాక్యంలోని షరతును దాచకూడదు. నిధులు చేతికి రాకముందే జీతం ఇస్తామని రాస్తే ఆ మాట నిలబెట్టుకోవడం కష్టం. సంతకమూ అంతే: ప్రొఫెసర్లు ఎంత ఉత్సాహంగా ఉన్నా, పొలాన్నీ సిబ్బందినీ కేటాయించే అధికారమున్నవాళ్లే సంతకం చేయాలి.

ఇలాంటి లేఖ సాధారణంగా చట్టపరంగా కట్టిపడేసేది కాదు. అయితే పైన పేరొక్కటే చూసి ఆ సంగతి తేలదు, లోపలి మాటలూ లెక్కలోకి వస్తాయి. కాబట్టి గోప్యత వంటి ఏ అంశాలకు ఇప్పటినుంచే కట్టుబడాలో, మిగతావి ఉద్దేశం మాత్రమేనని విడిగా రాయడం క్షేమం.

పేటెంటు విషయాన్ని తర్వాత చూద్దామని వాయిదా వేయడమే నాకు అన్నిటికంటే ప్రమాదంగా కనిపిస్తుంది. పేటెంటు ఇద్దరి పేరా వచ్చి, వేరే ఒప్పందం లేకపోతే, 1970 నాటి పేటెంట్ల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఇద్దరికీ సమాన వాటా. ఎవరికి వారు దాన్ని వాడుకోవచ్చు కానీ, రెండోవారి అనుమతి లేకుండా కంపెనీకి లైసెన్సు ఇవ్వలేరు. ఇక దరఖాస్తు పెట్టకముందే ఫలితాలు పత్రికలో అచ్చయితే, కొత్తదనం పోయి పేటెంటుకే ఎసరు రావచ్చు. అందుకని వ్యాసం పంపేముందు 30 రోజులు రెండో సంస్థకు చూపాలనీ, ఆ గడువులోనే దరఖాస్తు సంగతి తేల్చాలనీ లేఖలోనే రాసుకోవాలి.