గడిలో ఉన్నదీ, గడిలో కనిపించేదీ

స్ప్రెడ్‌షీట్‌లో అడ్డంగా సాగే వరుస రో, నిలువుగా దిగే వరుస కాలమ్. రోలకు ఎడమ అంచున 1, 2, 3 అని అంకెలు, కాలమ్‌లకు పైన A, B, C అని అక్షరాలు ఉంటాయి. రో, కాలమ్ కలిసేచోట ఉన్న గడి సెల్. C కాలమ్, రెండో రో కలిసే సెల్ చిరునామా C2.

తరగతి మార్కుల పట్టికే తీసుకుంటే, మొదటి రోలో శీర్షికలు వస్తాయి: A1లో రోల్ నంబరు, B1లో పేరు, C1లో తెలుగు, D1లో లెక్కలు, E1లో సైన్సు, F1లో సగటు. రెండో రో నుంచి ఒక్కో విద్యార్థికి ఒక్కో రో. ఎడమ అంచున ఉన్న 1 మీద క్లిక్ చేస్తే రో అంతా ఎంపికవుతుంది. అప్పుడు Ctrl+B నొక్కితే శీర్షికలన్నీ ఒకేసారి బొద్దు అక్షరాలవుతాయి. పొడవైన పేరు సగంలో తెగినట్టు కనిపిస్తే, పైన B, C అక్షరాల మధ్య గీత మీద డబుల్ క్లిక్ చేయాలి. పేరు పట్టేంతగా B కాలమ్ వెడల్పవుతుంది. అంకె పట్టనంత ఇరుకైన కాలమ్‌లో మాత్రం ##### కనిపిస్తుంది. అంకె ఎక్కడికీ పోదు. కాలమ్ వెడల్పు చేస్తే మళ్లీ కనిపిస్తుంది.

సెల్‌లో అక్షరాలు టైప్ చేస్తే ఎడమవైపుకు, అంకెలైతే కుడివైపుకు వాటంతటవే జరుగుతాయి. తప్పు పట్టుకోవడానికి ఇది మంచి గుర్తు. మార్కుల గడిలో 36 బదులు ‘36 మార్కులు’ అని కొడితే అది ఎడమకు వెళ్తుంది. కంప్యూటర్ దాన్ని మాటగా తీసుకుని సగటులో లెక్కపెట్టదు.

ఒక విద్యార్థికి 34, 36, 34 మార్కులు వచ్చాయి. F2లో ఈ సూత్రం రాయాలి:

```
=AVERAGE(C2:E2)
```

జవాబు 34.666… అని వస్తుంది. దశాంశ స్థానాలు తగ్గించే బటన్‌ను నొక్కుతూపోతే అదే గడిలో 35 కనిపిస్తుంది. సగటు 35 ఉంటే పాస్ అనుకుని, పక్క గడి G2లో ఇలా అడగవచ్చు:

```
=F2>=35
```

వచ్చే జవాబు FALSE. కళ్లకు 35 కనిపిస్తున్నా గడిలో ఉన్నది 34.666… కాబట్టే ఇలా జరుగుతుంది. ఫార్మాటింగ్ విలువను ముట్టుకోదు, కనిపించే తీరునే మారుస్తుంది. నిజంగానే 35కు సవరించాలంటే F2లో ఉన్న సూత్రాన్నే మార్చాలి:

```
=ROUND(AVERAGE(C2:E2),0)
```

ఇప్పుడు F2లో ఉన్నదీ, కనిపించేదీ 35 ఒక్కటే. G2లో జవాబు TRUE.

రోల్ నంబర్ల దగ్గర సంగతి వేరు. 007 అని కొడితే కంప్యూటర్ దాన్ని సంఖ్యగా తీసుకుని 7 మాత్రమే ఉంచుకుంటుంది. అందుకే అంకెలు ఎక్కించడానికి ముందే A కాలమ్‌ను ఎంపిక చేసి Text ఫార్మాట్ పెట్టాలి. తర్వాత పెడితే, పోయిన సున్నాలు తిరిగి రావు.