281 ఎక్కడా 231 కాకుండా

పాత ట్రంకుపెట్టె అడుగున దాచిన పేపర్ కటింగ్ ఒకటి అనుకుందాం. 2001 మార్చి నాటిది. కాగితం పసుపు తిరిగింది, మధ్యలో మడత పడింది. కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో జరిగిన రెండో టెస్టు స్కోర్‌కార్డు అది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి, అందులోని అక్షరాలను యంత్రం చేత చదివించి, ఆ మ్యాచ్ కథను అర పేజీలో రాయాలి. పని చిన్నదే. అయితే యంత్రం చదివిన అంకెలను చదివినట్టే నమ్మి రాసేస్తే లక్ష్మణ్ 281 కాస్తా 231 అయి కూర్చుంటుంది. మడత సరిగ్గా 8 మీద పడితే దాని ఎడమ వంపులు చెరిగిపోయి 3లా కనిపిస్తుంది మరి.

ఫొటో దగ్గరే సగం పని ఉంది. కాగితాన్ని బల్ల మీద చదునుగా పరిచి, నిట్టనిలువుగా పైనుంచి తీయాలి. పేపర్లలో స్థలం చాలక రెండు ఇన్నింగ్స్‌లను పక్కపక్క కాలమ్‌లలో సర్దుతుంటారు. ఫొటో ఏటవాలుగా ఉంటే యంత్రం ఎడమ కాలమ్‌లోని పేరు పక్కన కుడి కాలమ్‌లోని పరుగులు పెట్టేస్తుంది. అందుకే ఒక్కో ఇన్నింగ్స్‌ను విడిగా ఫొటో తీయడం మేలు.

ఆ తర్వాత చేయాల్సింది కథ రాయడం కాదు, లెక్క చూడటం. స్కోర్‌కార్డు పాతకాలపు కొట్టు చిట్టా లాంటిది. ప్రతి పరుగూ రెండు చోట్ల నమోదవుతుంది. బ్యాట్స్‌మన్ ఖాతాలోకో ఎక్స్‌ట్రాల్లోకో ఒకసారి, బౌలర్ ఖాతాలోకో బైల్లోకో మరోసారి. రెండు పద్దులూ మొత్తంతో కలవాలి.

భారత్ రెండో ఇన్నింగ్స్‌నే తీసుకుందాం. దాస్ 39, రమేశ్ 30, లక్ష్మణ్ 281, టెండూల్కర్ 10, గంగూలీ 48, ద్రవిడ్ 180, మోంగియా 4, జహీర్ 23 నాటౌట్, హర్భజన్ 8 నాటౌట్. కూడితే 623. ఎక్స్‌ట్రాలు 34. మొత్తం 657. అచ్చయిన మొత్తమూ అదే. ఒకవేళ యంత్రం 231 అని చదివి ఉంటే మొత్తం 607 దగ్గర ఆగుతుంది, యాభై తక్కువ. ఆ యాభైయే తప్పు జాడ చెబుతుంది. 8ని 3గా చదివితే తేడా 5 గానీ 50 గానీ వస్తుంది, 7ని 1గా చదివితే 6 గానీ 60 గానీ. తేడా 50 అంటే పదుల స్థానంలో ఎక్కడో 8 దెబ్బతిన్నట్టు. 180నీ 281నీ మళ్లీ చూస్తే చాలు, దొంగ దొరుకుతాడు.

ఇక బౌలర్ల వైపు. మెక్‌గ్రాత్ 103, గిలెస్పీ 115, వార్న్ 152, కాస్ప్రోవిచ్ 139, మార్క్ వా 58, పాంటింగ్ 41, హేడెన్ 24, స్లేటర్ 4, లాంగర్ 3. అన్నీ కలిపి 639. దీనికి 34 ఎక్స్‌ట్రాలూ కలిపేస్తే లెక్క తప్పుతుంది. చాలామంది జారిపడేది ఇక్కడే. వైడ్లు, నోబాల్స్ బౌలర్ పద్దులోనే పడతాయి కాబట్టి అవి ఆ 639లో ముందే ఉన్నాయి. విడిగా కలపాల్సింది బైలు 6, లెగ్‌బైలు 12 మాత్రమే. 639కి 18 కలిపితే 657. చిట్టా తేలింది. మరీ పాత కార్డులకు ఈ లెక్క కుదరదు. 1980లలో మార్పు వచ్చేదాకా వైడ్లు, నోబాల్స్‌ను బౌలర్ ఖాతాలో రాసేవారు కాదు.

ఓవర్లు కూడేటప్పుడు కాలిక్యులేటర్‌ను పక్కన పెట్టాలి. ఆస్ట్రేలియా తొలి ఇన్నింగ్స్‌లో జహీర్ 28.4, గంగూలీ 13.2 ఓవర్లు వేశారు. కాలిక్యులేటర్ 41.6 అంటుంది. నిజానికి నాలుగు బంతులూ రెండు బంతులూ కలిసి ఒక ఓవర్, అంటే సరిగ్గా 42 ఓవర్లు. ఆ ఇన్నింగ్స్‌లో అందరి ఓవర్లనూ మామూలు దశాంశాల్లా కూడితే 131.1 వస్తుంది, అసలు సంఖ్య 131.5. కంప్యూటర్ పట్టికలో ఈ అంకెలు పెట్టి కూడిక మీట నొక్కేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

ఇంత చేసినా కూడికకు దొరకని తప్పులు కొన్ని ఉంటాయి. అందులో సున్న ఒకటి. తెలుగు పేపర్ కటింగ్‌లో అంకె సున్నకూ అక్షరాల సున్నకూ ఆకారం ఒకటే. యంత్రం ఒకదాన్ని మరొకటిగా తీసుకుంటుంది, లేదంటే చెత్త చుక్కగా భావించి వదిలేస్తుంది. సున్న పోయినా కూడిక మారదు కదా, తప్పు బయటపడదు. ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్‌లో మార్క్ వా, పాంటింగ్, గిల్‌క్రిస్ట్, వార్న్ నలుగురూ సున్నకే ఔటయ్యారు. ఆ నాలుగు వరుసలూ మాయమైనా మొత్తం 212కి సరిపోతుంది. మ్యాచ్ మాత్రం ఆ సున్నల్లోనే ఉంది! అందుకే పరుగులతో పాటు తలలనూ లెక్కపెట్టాలి: పదకొండు పేర్లు, పది వికెట్లు. హర్భజన్ 6, టెండూల్కర్ 3, రాజు 1 కలిపి పది. ఇవి బౌలర్ల ఖాతాలో పడ్డవి మాత్రమే. రనౌట్ ఉంటే దాన్ని విడిగా చేర్చాలి. భారత్ రెండో ఇన్నింగ్స్‌లో ఏడు వికెట్లు పడితే బౌలర్ల పేర కనిపించేవి ఆరే. ఏడోది ద్రవిడ్ రనౌట్.

రెండోది ఇంటిపేరు. స్టీవ్ వా, మార్క్ వా కవలలు. ముందున్న పేరు చెరిగి ‘వా’ మాత్రమే మిగిలితే తొలి ఇన్నింగ్స్‌లో 110 ఎవరిదో 22 ఎవరిదో కూడిక చెప్పలేదు. అప్పుడు వికెట్ల పతనం వరుస చూడాలి. నాలుగో వికెట్‌గా 236 దగ్గర వెళ్లింది మార్క్, చివరి వికెట్‌గా 445 దగ్గర వెళ్లింది స్టీవ్.

లెక్క తేలాక మొదట రాయాల్సింది నాలుగు మొత్తాలు. ఆస్ట్రేలియా 445, భారత్ 171, ఫాలోఆన్‌లో భారత్ ఏడు వికెట్లకు 657 డిక్లేర్డ్, ఆస్ట్రేలియా 212. ‘ఫాలోఆన్’ అనే మాట ఫొటోలో చెరిగిపోతే భారత్ వరుసగా రెండుసార్లు ఎందుకు ఆడిందో పాఠకుడికి అర్థం కాదు. ‘డిక్లేర్డ్’ పోతే మిగతా మూడు వికెట్లు ఏమయ్యాయని వెతుక్కుంటాడు. ఫలితాన్ని కూడా కార్డు నుంచే తేల్చవచ్చు. భారత్ రెండు ఇన్నింగ్స్‌లు కలిపి 828, ఆస్ట్రేలియావి కలిపి 657. తేడా 171 పరుగులు. తమాషా ఏమిటంటే 171 భారత్ తొలి ఇన్నింగ్స్ మొత్తం కూడా, 657 భారత్ రెండో ఇన్నింగ్స్ మొత్తం కూడా. ఒకే సంఖ్య రెండేసి చోట్ల కనిపిస్తే ఏదో తప్పు నకలైందని అనుమానం రావడం సహజం. ఇక్కడ మాత్రం అది ఉత్త కాకతాళీయం.

రాణించినవాళ్ల విషయంలో ఎక్కువ పరుగులు ఎవరివి, ఎక్కువ వికెట్లు ఎవరివి అని చూసి ఊరుకుంటే లక్ష్మణ్ (59, 281), హర్భజన్ (123కి 7, 73కి 6) వస్తారు. ఇద్దరి విషయంలోనూ తగవు లేదు. కానీ 59ని 281 నీడలో వదిలేయకూడదు. 171లో అది మూడో వంతు కంటే ఎక్కువ, భారత్‌లో ఇంకెవరూ 25 దాటలేదు. ఇక టెండూల్కర్ బ్యాటింగ్ గడిలో రెండుసార్లూ 10. ఆ గడి మాత్రమే చూసే సారాంశంలో ఆయనకు చోటుండదు. బౌలింగ్ గడిలో 11 ఓవర్లు, 31 పరుగులు, 3 వికెట్లు. ఆ ముగ్గురూ ఎవరు? హేడెన్, గిల్‌క్రిస్ట్, వార్న్. ఏ వికెట్లు ఎన్ని తీశాడో కాక ఎవరివి తీశాడో కూడా చదివితేనే ఆయన పేరు సారాంశంలోకి వస్తుంది.

మలుపులు దాగి ఉండేది అందరూ దాటేసే ఆ చిన్నక్షరాల వరుసలో: వికెట్ల పతనం. పక్కపక్క సంఖ్యల మధ్య తేడా తీస్తే భాగస్వామ్యాలు బయటపడతాయి. భారత్ రెండో ఇన్నింగ్స్‌లో 52, 97, 115, 232, ఆ తర్వాత ఒక్కసారిగా 608. ఆ దూకుడు 376 పరుగులు, లక్ష్మణ్, ద్రవిడ్ ఐదో వికెట్ జోడీది. అయితే సంఖ్య పెద్దదైనంత మాత్రాన మలుపు అయిపోదు, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడాలి. తొలి ఇన్నింగ్స్‌ల తర్వాత భారత్ 274 పరుగులు వెనకబడింది. 232 దగ్గర గంగూలీ వెళ్లేసరికి ఇంకా 42 బాకీ. 608 దగ్గర లక్ష్మణ్ వెళ్లేసరికి 334 ఆధిక్యం. మలుపు అంటే అదీ.

తేడాలు పెద్దవైన చోటే కాదు, దాదాపు లేని చోటా ఆగాలి. ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్ వరుసలో 166, 166, 167, 173, 174 అని ఉంటుంది. ఎనిమిది పరుగుల వ్యవధిలో ఐదు వికెట్లు. ఇది రెండో మలుపు. మరి తొలి ఇన్నింగ్స్‌లోని 252, 252, 252? అది హర్భజన్ హ్యాట్రిక్, టెస్టుల్లో భారత బౌలర్ సాధించిన మొట్టమొదటిది. చరిత్రకు ఎక్కింది గానీ మ్యాచ్‌ను తిప్పలేదు. అదే వరుసలో 269 తర్వాత 402 ఉంది. స్టీవ్ వా, గిలెస్పీ తొమ్మిదో వికెట్‌కు 133 జోడించి ఆ దెబ్బను మాన్పేశారు. సారాంశంలో హ్యాట్రిక్ ఉండాలి, మలుపుల జాబితాలో మాత్రం కాదు. కొందరు దీన్ని ఒప్పుకోకపోవచ్చు.

ఇన్ని వడపోతల తర్వాత మిగిలే సారాంశం ఇలా ఉంటుంది: ‘స్టీవ్ వా 110, హేడెన్ 97తో ఆస్ట్రేలియా 445 చేసింది. హర్భజన్ హ్యాట్రిక్‌తో సహా 7 వికెట్లు తీశాడు. భారత్ 171కే కుప్పకూలి ఫాలోఆన్ ఆడింది. లోటు ఇంకా 42 ఉండగా కలిసిన లక్ష్మణ్ (281), ద్రవిడ్ (180) ఐదో వికెట్‌కు 376 పరుగులు జోడించారు. 384 లక్ష్యంతో దిగిన ఆస్ట్రేలియా 166/3 నుంచి 174/8కి పడిపోయి 212కు ఆలౌటైంది. హర్భజన్ 6, టెండూల్కర్ 3 వికెట్లు తీశారు. భారత్ 171 పరుగులతో గెలిచింది.’

కార్డు ఇవ్వగలిగింది ఇంతవరకే. నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్టూ పడలేదన్న సంగతి దాని మీద లేదు. చివరి రోజు టీ విరామానికి ఆస్ట్రేలియా 3 వికెట్లకు 161తో కుదురుగా ఉందన్నదీ లేదు. వీటిని మ్యాచ్ వార్తల నుంచి తెచ్చుకోవాలి, తెచ్చినప్పుడు అవి కార్డులోవి కావని విడిగా రాసుకోవాలి. కొన్ని సంగతులను కార్డు చూపిస్తుంది గానీ వివరించదు. తొలి ఇన్నింగ్స్‌లో మూడో పేరు ద్రవిడ్, ఆరో పేరు లక్ష్మణ్. రెండో ఇన్నింగ్స్‌లో మూడోది లక్ష్మణ్, ఆరోది ద్రవిడ్. యంత్రం దీన్ని తన పొరపాటనుకుని ‘సరిదిద్దే’ ప్రమాదమూ ఉంది. అది పొరపాటు కాదు. 59 చేసి చివరి వికెట్‌గా వెనుదిరిగిన హైదరాబాదీని ఆ వెంటనే మూడో స్థానంలో పంపారు.