రిబా, మురాబహా, సుకూక్: గల్ఫ్ బ్యాంకులో సంతకం పెట్టే ముందు తెలుసుకోవాల్సిన మూడు మాటలు

దుబాయ్‌లో కొత్తగా పనిలో చేరిన మనవాళ్లకు మొదటి నెలలోనే బ్యాంకు పని పడుతుంది. పాస్‌పోర్టు, ఎమిరేట్స్ ఐడీ, కంపెనీ ఇచ్చిన జీతం లెటర్ పట్టుకొని ఇస్లామిక్ బ్యాంకు కౌంటర్ దగ్గర కూర్చుంటారు. ముందు పెట్టిన కాగితాల్లో వడ్డీ అనే మాట ఎక్కడా కనిపించదు. దాని బదులు ప్రాఫిట్, మురాబహా వంటి మాటలుంటాయి. 'వడ్డీ లేదు కదా, ఇంకేం భయం' అని చాలామంది సంతకం పెట్టేస్తారు. కానీ వడ్డీ లేదంటే ఖర్చు లేదని కాదు. ఎంత ఖర్చు, దేనికి కడుతున్నాం అన్నది తెలియాలంటే ఈ మాటల అర్థం తెలియాలి.

రిబా అంటే ఏమిటి?

రిబా అనే అరబీ మాటకు పెరుగుదల, అదనం అని అర్థం. ఉర్దూలో మనం సూద్ అంటాం. మన ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర వందకు నెలకు రెండు రూపాయల లెక్కన అప్పు తెస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. 12,000 రూపాయలు తెస్తే నెలకు 240 వడ్డీ. కట్టలేకపోతే ఆ వడ్డీ అసలులో కలిసి, దాని మీద మళ్లీ వడ్డీ పడుతుంది. మధ్యలో ఏ సరుకూ చేతులు మారలేదు. ఇచ్చినవాడు ఏ నష్టానికీ సిద్ధపడలేదు. కేవలం కాలం గడిచినందుకు డబ్బు మీద డబ్బు పెరిగింది. అదే రిబా. ఖురాన్ వ్యాపారాన్ని అనుమతించింది, రిబాను నిషేధించింది. ఇస్లామిక్ బ్యాంకింగ్ అంతా ఈ తేడా మీదే నిలబడింది.

అకౌంట్ తెరిచేటప్పుడు కూడా ఈ తేడా కనిపిస్తుంది. కరెంట్ అకౌంట్‌లో మీరు వేసిన డబ్బు సాధారణంగా బ్యాంకుకు మీరిచ్చిన ఖర్జ్ కింద లెక్క. అడిగినప్పుడు అంతా తిరిగి ఇవ్వాలి, పైన ఏమీ రాదు. సేవింగ్స్ అకౌంట్ ఎక్కువగా ముదారబా పద్ధతిలో ఉంటుంది. మీ డబ్బుతో బ్యాంకు వ్యాపారం చేసి, వచ్చిన లాభంలో ముందే ఒప్పుకున్న వాటా మీకిస్తుంది. అందుకే అక్కడ రాసే శాతం 'అంచనా లాభం' మాత్రమే, ఖాయమైన మాట కాదు.

మురాబహా: లాభం చెప్పి అమ్మడం

ఇక అసలు విషయం. జీతం రెండు మూడు నెలలు పడగానే బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది, 'సార్, ఫైనాన్స్ కావాలా' అని. ఒక ఏసీ మెకానిక్ ఉన్నాడనుకుందాం. పనికి తిరగడానికి 12,000 దిర్హామ్‌ల పాత బండి కావాలి. మురాబహాలో బ్యాంకు అతనికి డబ్బు అప్పుగా ఇవ్వదు. ముందు అతను ఫలానా బండి కొంటానని మాట ఇస్తాడు. బ్యాంకు ఆ బండిని అమ్మేవాడి దగ్గర 12,000కు కొని తన స్వాధీనంలోకి తెచ్చుకుంటుంది. ఆ తర్వాత 'మాకు 12,000 పడింది, మా లాభం 1,200, మొత్తం 13,200' అని చెప్పి అతనికి వాయిదాల మీద అమ్ముతుంది. 24 నెలలకు నెలకు 550 దిర్హామ్‌ల కిస్తు.

ఇందులో రెండు సంగతులు చూసుకోవాలి. మొదటిది వరుస. బ్యాంకు బండి కొనకముందే మీతో అమ్మకం కాగితం మీద సంతకం చేయిస్తే, తనది కానిది అమ్మినట్టే. అప్పుడు అది పేరుకే మురాబహా. రెండోది ధర. ఒకసారి 13,200 అని తేలాక అది పెరగకూడదు. కిస్తు ఆలస్యమైతే బ్యాంకు జరిమానా వేయొచ్చు గానీ, షరియా ప్రమాణాల ప్రకారం ఆ డబ్బును తన లాభంలో కలుపుకోకూడదు, దానధర్మాలకు ఇవ్వాలి. వడ్డీ వ్యాపారి అప్పుకూ దీనికీ పెద్ద తేడా ఇక్కడే.

అయితే శాతం దగ్గర మనవాళ్లు దెబ్బతింటారు. పై లెక్కలో 12,000కు ఏడాదికి 600 చొప్పున రెండేళ్లకు 1,200 లాభం. బ్యాంకువాడు దీన్ని 'ఐదు శాతమే' అంటాడు. ఇది ఫ్లాట్ రేటు. నెలనెలా మీరు అసలు తీరుస్తూనే ఉన్నా, లాభం మాత్రం మొదటి రోజు ఉన్న 12,000 మొత్తం మీదే లెక్కకట్టారు. మిగిలిన బాకీ మీద లెక్క వేసే రెడ్యూసింగ్ పద్ధతిలోకి మారిస్తే ఇదే బేరం సుమారు 9.3 శాతం అవుతుంది. పక్క బ్యాంకువాడు 'ఎనిమిది శాతం రెడ్యూసింగ్' అంటే ఎక్కువలా వినిపిస్తుంది, నిజానికి అదే చవక. అందుకే శాతాలు పోల్చొద్దు. 'ఫీజులన్నీ కలిపి నా చేతి నుంచి మొత్తం ఎంత పోతుంది' అని అడిగి ఆ అంకెలు పోల్చండి.

ముందే తీర్చేస్తే ఏమిటన్నది కూడా అడగాలి. ధర ఖాయమైంది కాబట్టి, పది నెలలకే బాకీ మొత్తం కట్టేసినా మిగతా లాభం తగ్గించడం అన్నది చాలాచోట్ల బ్యాంకు ఇచ్చే రాయితీయే. ఎంత తగ్గిస్తారో సంతకానికి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఉద్యోగం మధ్యలో పోయి ఇంటికి వెళ్లాల్సి వస్తే ఈ కాగితమే పనికొస్తుంది.

నగదు కావాలంటే?

చెల్లి పెళ్లికి బండి అక్కర్లేదు, నగదు కావాలి. అప్పుడు చాలా బ్యాంకులు తవర్రుఖ్ చేస్తాయి. బ్యాంకు ఏదో లోహం కొని మీకు వాయిదాల మీద అమ్ముతుంది. మీ తరఫున ఏజెంటు దాన్ని వెంటనే ఇంకొకరికి అమ్మి, ఆ డబ్బు మీ అకౌంట్‌లో వేస్తాడు. మీరు ఆ సరుకును కంటితో కూడా చూడరు. ఓఐసీకి చెందిన ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 2009లో షార్జాలో సమావేశమై, బ్యాంకులు ఇలా ఏర్పాటు చేసే తవర్రుఖ్ సరికాదని తీర్మానించింది. బహ్రెయిన్‌లోని ప్రమాణాల సంస్థ ఆయోఫీ కొన్ని షరతులతో అనుమతించింది. ఆలిమ్‌ల మధ్యే భేదం ఉంది. అందుకే సూద్ నుంచి తప్పుకోవాలని ఇస్లామిక్ బ్యాంకుకు వెళ్లినవాళ్లు 'ఇది వస్తువు మీద మురాబహానా, తవర్రుఖా' అని సూటిగా అడగాలి. జవాబు విన్నాక ఎవరి నిర్ణయం వారిది.

సుకూక్: అకౌంట్‌తో సంబంధం లేనిది

సక్ అంటే పత్రం, దాని బహువచనం సుకూక్. మామూలు బాండు కొంటే మీరు అప్పు ఇచ్చి వడ్డీ తీసుకుంటారు. సుకూక్ కొంటే ఒక భవనంలోనో, భూమిలోనో, వ్యాపారంలోనో వాటా తీసుకుంటారు, దాని అద్దెలో లేదా లాభంలో మీకు భాగం వస్తుంది. జీతం అకౌంట్ తెరవడానికి ఇది అవసరమే లేదు. గల్ఫ్ సుకూక్‌లలో చాలావాటికి కనీస పెట్టుబడి 2 లక్షల డాలర్లు. సౌదీ ప్రభుత్వం 2024లో మొదలుపెట్టిన 'సహ్' పథకంలో 1,000 రియాళ్లతో కొనొచ్చు గానీ, అది సౌదీ పౌరులకే.

సుకూక్ డిపాజిట్ కాదు, నష్టమూ రావచ్చు. 2009లో దుబాయ్‌లో నఖీల్ కంపెనీ సుమారు 350 కోట్ల డాలర్ల సుకూక్ గడువుకు చెల్లించలేని స్థితికి వచ్చింది. చివరి క్షణంలో అబుదాబి డబ్బు సర్దడంతోనే గట్టెక్కింది. కాబట్టి క్యాంపుకు వచ్చి 'రెండు వేలు పెట్టండి, సుకూక్, నెలకింత గ్యారంటీ' అని ఎవరైనా అంటే ఆ డబ్బు జేబులోనే ఉంచుకోండి. గ్యారంటీ లాభం అన్న మాటే సుకూక్ లెక్కకు ఎదురు.

కాగితం అరబీ, ఇంగ్లీషులో ఉంటుంది. అర్థం కాకపోతే ఫోటో తీసుకొని, చదవగలిగిన మనిషికి చూపించి, మర్నాడు వచ్చి సంతకం పెడతానని చెప్పండి. వస్తువు ఏది, బ్యాంకు ఎంతకు కొంది, మొత్తం ఎంత కట్టాలి, ముందే తీర్చేస్తే ఎంత తగ్గుతుంది అనే నాలుగింటికీ ఆ కాగితంలో జవాబు దొరకాలి. దొరకకపోతే కౌంటర్‌లో వాళ్లనే అడిగి రాయించుకోండి.