ఎదుటివాడి నష్టం చూసి మురిసే మనసుకు ఒక పేరు

ఇంగ్లీషు పత్రికల్లో ఎన్నికల ఫలితాలో, ఆటల వార్తలో, సినీతారల కబుర్లో చదివేవారికి ‘షాడెన్‌ఫ్రాయిడ’ అనే మాట ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే ఉంటుంది. అది జర్మన్ మాట. షాడెన్ అంటే నష్టం, ఫ్రాయిడ అంటే సంతోషం. ఎదుటివాడికి నష్టం జరిగిందని తెలిసినప్పుడు మనకు కలిగే సంతోషానికి జర్మన్లు పెట్టుకున్న పేరది. ఎప్పుడూ మొదటి ర్యాంకు తెచ్చుకునే పిల్లాడు ఈసారి వెనకబడ్డాడని వింటాం. కొత్త కారు కొని వీధంతా చూపించుకు తిరిగిన పెద్దమనిషి దాన్ని గోడకు గీకించుకున్నాడని వింటాం. పైకి ‘అయ్యో పాపం’ అంటాం. లోపల మాత్రం ఒక్క క్షణం హాయిగా ఉంటుంది. ఆ హాయి గురించే ఈ మాట.

దీన్ని పైశాచికానందంతో కలిపేయకూడదు. పైశాచికానందం పొందేవాడు తానే ఎదుటివాణ్ని బాధపెడతాడు, లేదా ఆ బాధ ఇంకా సాగాలని కోరుకుంటాడు. ఇక్కడ మనం ఏమీ చేయలేదు. కీడు దానంతటదే జరిగింది, మనం చూశాం, అంతే. అందుకే మామూలు మంచివాళ్లకు కూడా ఈ భావం కలుగుతుంది. అందుకే దాన్ని ఒప్పుకోవడానికి సిగ్గుపడతారు కూడా.

ఇంగ్లీషులోకి ఈ మాట వచ్చిన కథలో మొదట కనిపించే వ్యక్తి ఒక మతాచార్యుడు. రిచర్డ్ షెనెవిక్స్ ట్రెంచ్ తర్వాతి కాలంలో డబ్లిన్ ఆర్చిబిషప్ అయ్యాడు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు పుట్టడానికి దారితీసిన ఉపన్యాసాలు 1857లో ఇచ్చిందీ ఆయనే. అంతకు కొన్నేళ్ల ముందు, 1850ల తొలినాళ్లలో, పదాల అధ్యయనం మీద ఆయన రాసిన పుస్తకంలో ఈ జర్మన్ మాట కనిపిస్తుంది. తన మాటల్లో వాడుకోవడానికి కాదు, హెచ్చరించడానికి తెచ్చాడు దాన్ని. ఇతరుల కష్టాలకు సంతోషించడమనే భావానికి ఒక భాషలో పేరు ఉండటమే భయంకరమని ఆయన బాధ. పేరు ఉన్నదంటే ఆ భావమూ మనుషుల్లో ఉన్నదనడానికి అది సాక్ష్యమని వాదించాడు. అలాంటి మాటలకు ఉదాహరణగా జర్మన్ పదంతోపాటు పాత గ్రీకు పదం ఒకటి చూపించాడు. ఆ గ్రీకు పదాన్ని అరిస్టాటిల్ తన నీతిశాస్త్ర గ్రంథంలో అసూయ పక్కనే చర్చించాడు.

అయితే పేరు లేనంత మాత్రాన ఇంగ్లీషువారిలో ఆ భావం లేకుండా పోలేదు. నేథన్ బెయిలీ 1721లో అచ్చువేసిన నిఘంటువులో ఆ గ్రీకు మాటనే ఇంగ్లీషు రూపంలోకి మార్చి చేర్చాడు. అది పుస్తకం దాటి జనం నోటికి ఎక్కలేదు. అప్పటికే ఇంగ్లీషులో ఉన్న దగ్గరి మాటలు చూస్తే లోటు ఎక్కడుందో తెలుస్తుంది. ‘గ్లోట్’ అనేది క్రియ. గెలిచినవాడు ఓడినవాడి ముందు సంబరపడిపోయే తీరును చెబుతుంది. ‘మాలిస్’ అంటే ఎదుటివాడికి చెడు జరగాలనే దుర్బుద్ధి. అది కీడు కంటే ముందే మనసులో ఉంటుంది. కీడు జరిగాక, ఎవరికీ కనపడకుండా లోలోపల పుట్టే సంతోషానికి మాత్రం వాడుకలో ఒక నామవాచకం లేదు. జర్మన్ మాట ఆ ఖాళీలో సరిగ్గా ఇమిడింది. పైగా పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు మేధావులకు జర్మన్ చదువులంటే గౌరవం ఎక్కువ. కిండర్‌గార్టెన్, జైట్‌గైస్ట్ లాంటి మాటలు వచ్చి చేరిందీ ఆ శతాబ్దంలోనే. పరాయి మాట కావడంలో ఇంకో వెసులుబాటు కూడా ఉందని నా నమ్మకం. సొంత భాషలో చెప్పుకుంటే నేరం ఒప్పుకున్నట్టుండే సంగతిని అరువు మాటతో కాస్త దూరంగా నిలబడి చెప్పుకోవచ్చు.

ట్రెంచ్ తర్వాత ఈ మాటను పట్టుకున్నవాడు జర్మన్ సాహిత్యాన్ని ఇంగ్లండుకు పరిచయం చేసిన థామస్ కార్లైల్. 1867లో రాసిన ఒక వ్యాసంలో ఆయన ఒక కీలకమైన మెలిక పెట్టాడు. జర్మన్లు దీన్ని కీడు చూసిన సంతోషం అంటారు గానీ, ఇందులో న్యాయం జరిగిందన్న సంతోషం కూడా ఉందన్నాడు. ‘తగిన శాస్తి జరిగింది’ అని మనం అనేది ఈ రెండో సంతోషంతోనే. మరి మనసులో పుట్టింది న్యాయమా, అసూయా? ఈ ప్రశ్ననే మనస్తత్వ శాస్త్రవేత్తలు వందేళ్లు దాటాక పరీక్షలకు పెట్టారు.

న్యాయం వైపు సాక్ష్యం 2006లో టానియా సింగర్ బృందం లండన్‌లో చేసిన ప్రయోగం. డబ్బు పంచుకునే ఆటలో ఒకడు న్యాయంగా, ఇంకొకడు మోసంగా ఆడతారు. తర్వాత ఇద్దరికీ నొప్పి కలిగిస్తుంటే చూస్తున్నవారి మెదడును స్కాన్ చేశారు. మోసగాడి నొప్పి చూసినప్పుడు మగవాళ్ల మెదడులో సానుభూతి స్పందన బాగా తగ్గింది. బహుమతి అందినప్పుడు చురుకయ్యే భాగాలు మేల్కొన్నాయి. ఆడవాళ్లలో ఇంత మార్పు కనిపించలేదు.

అసూయ వైపు సాక్ష్యం 2009లో జపాన్‌లో హిదెహికో తకహాషి బృందం చేసిన అధ్యయనం. తాము విలువిచ్చే రంగంలోనే తమకంటే పైమెట్టున ఉన్న ఒక వ్యక్తి కథను పాల్గొన్నవారికి చదివించారు. అప్పుడు బాధకు సంబంధించిన భాగం స్పందించింది. అదే వ్యక్తికి కష్టాలు వచ్చాయని చదివించినప్పుడు ఆనందానికి సంబంధించిన భాగం స్పందించింది. మొదటి స్పందన ఎవరిలో బలంగా ఉందో, రెండోదీ వారిలోనే బలంగా ఉంది. ఆ కథలోని వ్యక్తి ఎవరికీ అన్యాయం చేయలేదు. పైన ఉండటమే అతని తప్పు.

ఈ భావం మనుషుల మధ్యే కాదు, గుంపుల మధ్య కూడా పనిచేస్తుంది. 1998 ఫుట్‌బాల్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో జర్మనీ 3-0 తేడాతో క్రొయేషియా చేతిలో ఓడింది. పక్క దేశం నెదర్లాండ్స్‌కు జర్మనీ పాత ప్రత్యర్థి. 1974 ఫైనల్లో ఆ దేశం చేతిలోనే డచ్చివారు కప్పు పోగొట్టుకున్నారు. కాలిన్ లీచ్, రస్సెల్ స్పియర్స్, వారి సహచరులు జర్మనీ ఓటమి గురించి డచ్చివారిని అడిగి, 2003లో ఫలితాలు ప్రకటించారు. ఫుట్‌బాల్ మీద ఆసక్తి ఎక్కువగా ఉన్నవారిలో సంతోషం సహజంగానే ఎక్కువగా ఉంది. ఆసక్తి తక్కువగా ఉన్నవారి సంగతే ఆలోచించాల్సింది. ఆటలో తమ దేశం ఇతరులకంటే వెనకబడి ఉందని గుర్తుచేయగానే వారిలోనూ ఆ సంతోషం బాగా పెరిగింది. ఆ ఓటమిలో డచ్చి జట్టు పాత్ర ఏమీ లేదు. గెలిచింది క్రొయేషియా. అయినా తాము తక్కువన్న బాధకు పొరుగువాడి పతనం మందులా పనిచేసింది.

ఈ ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూస్తే ట్రెంచ్, కార్లైల్ ఇద్దరి మాటా కొంత నిజమని తెలుస్తుంది. ఒకే పేరు కింద రెండు వేరువేరు భావాలు తలదాచుకుంటున్నాయి. వాటిని విడదీయడం కష్టం కాదు. ఒకడు పడ్డాడని మనసు సంతోషించినప్పుడు మొదట అతను ఎవరికైనా అన్యాయం చేశాడా అని అడగాలి. చేసి ఉంటే, అతను తప్పు దిద్దుకుని నష్టపరిహారం చెల్లించినా మనకు అంతే తృప్తి కలుగుతుందా అని రెండోసారి అడగాలి. కలుగుతుందంటే అది న్యాయం. లేదు, అతను పడటమే కావాలంటే అది అసూయ. మందు వేయాల్సింది అతని గర్వానికి కాదు, మన లోటుకు. భావం కలిగినందుకు ఎవరూ కుంగిపోనక్కర్లేదు. దాన్ని న్యాయమని పేరు మార్చి ఊరేగించకుండా ఉంటే చాలు.